ముందు బ్లాకు, తర్వాతే వెతుకులాట

జనం నోట ఏటీఎం కార్డు అనిపించుకునే డెబిట్ కార్డు పోవడానికీ, క్రెడిట్ కార్డు పోవడానికీ తేడా ఉంది. క్రెడిట్ కార్డు మీద దొంగ కొన్నది బిల్లులోకి ఎక్కుతుంది, ఆ బిల్లు కట్టేలోపు తగవు పెట్టుకునే వ్యవధి ఉంటుంది. డెబిట్ కార్డు మీద పోయేది మాత్రం ఖాతాలోని సొంత డబ్బు. జీతమో, పింఛనో, ధాన్యం అమ్మిన సొమ్మో అక్కడికక్కడే తగ్గిపోతుంది. దాన్ని వెనక్కి రప్పించే నిబంధనలు లేకపోలేదు. అయితే అవన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: కార్డు పోయిందని బ్యాంకుకు ఎన్ని గంటలకు తెలిసింది?

కార్డు కనిపించనప్పుడు చాలామంది చేసే మొదటి పని వెతకడం. చొక్కా జేబులు, బండి డిక్కీ, నిన్న పెట్రోలు కొట్టించిన బంకు, ఇలా ఒక పూట గడిచిపోతుంది. ‘పిన్ నాకొక్కడికే తెలుసు, ఎవడికి దొరికినా ఏం చేసుకుంటాడు’ అన్న ధీమా ఈ ఆలస్యానికి తోడవుతుంది. అందులో సగమే నిజం. ఏటీఎంలో డబ్బు తీయాలంటే పిన్ కావాలి. కానీ కార్డు మీద వైఫై గుర్తులాంటి అలల బొమ్మ ఉండి, ట్యాప్ చేసి చెల్లించే సౌకర్యం ఆన్‌లో ఉంటే, దుకాణంలో ఒక్కోసారి 5,000 రూపాయల దాకా పిన్ లేకుండానే చెల్లిపోతుంది. 2021 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు అనుమతించిన పరిమితి ఇది. అంతకుముందు 2,000 ఉండేది. ఇక ఆన్‌లైన్ కొనుగోళ్లకు మన దేశంలో ఓటీపీ అడుగుతారు గానీ, విదేశీ వెబ్‌సైట్లు కొన్ని కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉన్న మూడంకెల సీవీవీతోనే పని కానిచ్చేస్తాయి. కార్డు చేతిలో ఉన్నవాడికి ఆ మూడూ కళ్లెదుటే ఉంటాయి.

ఇందులో ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డు మన దేశంలోని ఏటీఎంలలోనూ స్వైపింగ్ మిషన్లలోనూ మాత్రమే పనిచేసే స్థితిలో వస్తుంది. ట్యాప్, ఆన్‌లైన్, విదేశీ వాడకం ఖాతాదారు కావాలని ఆన్ చేసుకుంటేనే మొదలవుతాయి. కాబట్టి ఎప్పుడూ వాటి జోలికి పోని వారి కార్డు రోడ్డు మీద పడిపోయినా, దొరికినవాడి చేతిలో అది చాలావరకు ప్లాస్టిక్ ముక్కే. అసలు ప్రమాదం కార్డుతో పాటు పిన్ కూడా పరాయివాడికి చిక్కినప్పుడు వస్తుంది. పిన్‌ను కార్డు కవరు మీద రాసుకునేవాళ్లు, పర్సులో చీటీగా పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను పక్కన పెడితే, పిన్నూ కార్డూ కలిపి పోయే దారి ముఖ్యంగా ఒకటే: ఏటీఎం గదిలో కార్డు మార్పిడి.

ఇదెలా జరుగుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. శుక్రవారం సాయంత్రం 5.40కి ఒక విశ్రాంత ఉద్యోగి బస్టాండు పక్కన ఏటీఎంకు వెళ్లాడు. మిషను ఒకసారి మొరాయించింది. వెనక నిలబడ్డ కుర్రాడు ‘ఇలా పెట్టాలి పెద్దాయనా’ అంటూ కార్డు తీసుకుని, తుడిచి, మళ్లీ పెట్టాడు. పెద్దాయన పిన్ నొక్కాడు, 5,000 వచ్చాయి. కుర్రాడే కార్డు బయటికి లాగి చేతికిచ్చాడు. ఆ చేతికొచ్చిన కార్డు అదే బ్యాంకుది, అదే రంగుది, కానీ వేరే ఎవరిదో. 6.05కి ఫోనులో మెసేజ్ మోగింది: 10,000 డ్రా అయ్యాయి. 6.07కి మరో 10,000.

ఈ మోసం ప్రత్యేకత ఏమిటంటే, కార్డు పోయిందన్న సంగతే బాధితుడికి తెలియదు. జేబులో కార్డు ఉంది కదా అని మెసేజ్‌ను కూడా పొరపాటుగా వచ్చిందనుకుంటాడు. బ్యాంకు నేరుగా కౌంటర్లో ఇచ్చే కార్డుల మీద చాలావాటికి పేరు ఉండదు, అందువల్ల చూపుకు తేడా తెలియదు. తేడా చెప్పేది నంబరులోని చివరి నాలుగంకెలే. పాత మెసేజ్‌లలో కార్డు నంబరు చివరి అంకెలు కనిపిస్తాయి. వాటికీ చేతిలోని కార్డుకూ పోలిక లేకపోతే కార్డు మారిందన్నమాట. ఎప్పుడూ నొక్కే పిన్నే నొక్కినా మిషను తప్పు అంటుంటే, నాలుగోసారి ప్రయత్నించడం కన్నా కార్డు తిప్పి నంబరు చూడటం మేలు.

ఇక్కడే మరో చిక్కుంది. కంగారులో ఫోన్ చేసి, చేతిలో ఉన్న కార్డు చూసి నంబరు చదివితే బ్యాంకుకు చేరేది వేరేవారి కార్డు వివరం. సొంత కార్డు మాత్రం దొంగ చేతిలో పనిచేస్తూనే ఉంటుంది. ఆపించాల్సింది పాత మెసేజ్‌లోనో బ్యాంకు యాప్‌లోనో కనిపించే అంకెలున్న కార్డును. నంబరు అసలే దొరక్కపోతే ఖాతా నంబరు చెప్పి, ఆ ఖాతా మీదున్న కార్డులన్నీ ఆపమని కోరవచ్చు.

ఆపించే దారులు మూడు నాలుగున్నాయి. యాప్ వాడే అలవాటున్న వారికి అదే దగ్గరి దారి. దాదాపు ప్రతి బ్యాంకు యాప్‌లోనూ కార్డుల విభాగంలో బ్లాక్ చేసే మీట ఉంటుంది. మామూలు ఫోను వాడేవారికి మెసేజ్ దారి. స్టేట్ బ్యాంకు ఖాతాదారైతే, ఖాతాకు జతచేసిన ఫోను నుంచి 567676 నంబరుకు ఇలా పంపాలి. 1234 ఉన్నచోట సొంత కార్డు చివరి నాలుగంకెలు వేసుకోవాలి:

```
BLOCK 1234
```

బ్లాక్ అయినట్టు తిరుగు మెసేజ్ వస్తేనే పని పూర్తయినట్టు. అది రాకపోతే 1800 1234 లేదా 1800 2100కి ఫోన్ చేయాలి. ఇవి ఆ బ్యాంకు టోల్ ఫ్రీ నంబర్లు. కార్డు పోయిందన్న కబురు అందుకోవడానికి రాత్రీ పగలూ, సెలవు రోజుల్లోనూ ఏర్పాటు ఉండాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులనూ ఆదేశించింది. అందువల్ల సోమవారం బ్రాంచి తెరిచేదాకా ఆగాల్సిన అవసరం ఏ ఖాతాదారుకూ లేదు. విదేశాల్లో ఉన్నవారికి మాత్రం ఇలాంటి ఆరంకెల చిన్న నంబర్లు సాధారణంగా పనిచేయవు. వారు నెట్ బ్యాంకింగ్ లేదా యాప్ మీద ఆధారపడాలి.

బ్యాంకు ఫోను నంబరు అచ్చువేసి ఉండేది కార్డు వెనకాలే. పోయిన వస్తువు మీదే దాన్ని ఆపే నంబరుండటం ఒక వింత. దాంతో చాలామంది గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికి, కనబడ్డ మొదటి నంబరుకు ఫోన్ చేస్తారు. మోసగాళ్లు నకిలీ నంబర్లు పరిచిపెట్టేది సరిగ్గా అక్కడే. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, కార్డు ఆపాలంటే ఒక యాప్ దించుకోండి అనో, వచ్చిన ఓటీపీ చెప్పండి అనో అంటాడు. కార్డు ఆపడానికి పిన్ గానీ సీవీవీ గానీ అవసరం లేదు. ఫోను తెరను అవతలివాళ్లకు చూపించే యాప్ అసలే అవసరం లేదు. వీటిలో ఏది అడిగినా ఆ ఫోన్ పెట్టేయాల్సిందే. పాస్‌బుక్ మొదటి పేజీ, బ్యాంకు సొంత వెబ్‌సైట్, ఏటీఎం గది గోడ మీది బోర్డు నమ్మదగినవి. నంబరును ముందే ఫోనులోనూ, ఇంట్లో క్యాలెండరు మీదా రాసి ఉంచుకుంటే ఈ గొడవే ఉండదు.

యాప్‌లో రెండు రకాల ఆపడం కనిపించవచ్చు. ఒకటి తాత్కాలికం, మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. రెండోది శాశ్వతం. బ్యాంకువాళ్లు దాన్ని హాట్‌లిస్ట్ చేయడం అంటారు, ఆ కార్డు మళ్లీ బతకదు. ఇంట్లోనే ఎక్కడో ఉందన్న నమ్మకం ఉంటే తాత్కాలికంగా ఆపి తీరిగ్గా వెతుక్కోవచ్చు. బస్సులో పర్సు కొట్టేసినా, కార్డు మార్పిడి జరిగినా, తెలియని డ్రా ఒక్కటి కనిపించినా శాశ్వతంగానే ఆపాలి. మూడొందల రూపాయల కొత్త కార్డు ఖర్చుకు వెనకాడి పాతదాన్ని మిగుల్చుకోవాలనుకోవడం తెలివైన లెక్క కాదు.

పర్సుతో పాటు ఫోను కూడా పోతే విషయం మారిపోతుంది. కార్డు ఆపితే ఆగేది కార్డు ఒక్కటే. యూపీఐ చెల్లింపులు ఖాతా నుంచి సాగుతూనే ఉంటాయి. పైగా యూపీఐ పిన్ కొత్తగా పెట్టుకోవడానికి సాధారణంగా అడిగేవి కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఫోనుకొచ్చే ఓటీపీ. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి. కార్డూ సిమ్మూ ఒకడికే దొరికితే వీటిలో ముఖ్యమైనవన్నీ వాడి దగ్గర ఉన్నట్టే. ఫోనుకు లాక్ ఉన్నా, సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకుంటే ఓటీపీ అక్కడికి వస్తుంది. కాబట్టి ఇంట్లోవాళ్ల ఫోను తీసుకుని బ్యాంకుకు చేసి కార్డుతో పాటు యూపీఐ, నెట్ బ్యాంకింగ్ కూడా ఆపమనాలి. వెంటనే సిమ్ కంపెనీకి చేసి సిమ్ ఆపించాలి. డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక మొదటి 24 గంటలు దానికి మెసేజ్‌లు వెళ్లవు, రావు. మోసాలను అడ్డుకోవడానికి పెట్టిన కట్టడి అది. ఆ ఒక్కరోజూ మెసేజ్ మీద, ఓటీపీ మీద నడిచే పనులేవీ సాగవని గుర్తుంచుకుంటే, యాప్ ముందు కూర్చుని విసిగిపోకుండా నేరుగా బ్రాంచికి వెళ్లవచ్చు.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్న, బ్యాంకుకు ఎన్ని గంటలకు తెలిసింది అన్నది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు, ఖాతాదారు ప్రమేయం లేని లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలో చెబుతుంది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారు మీద పైసా పడదు. తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందనుకుంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి పూర్తి రక్షణ ఉంటుంది. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చేస్తే కొంత భరించాలి. మామూలు పొదుపు ఖాతాకు ఆ భారం ఒక లావాదేవీకి 10,000 మించదు, జన్‌ధన్ లాంటి ప్రాథమిక ఖాతాకు 5,000 మించదు. 18,000 పోయి ఐదో పనిదినాన ఫిర్యాదు చేసిన పొదుపు ఖాతాదారు 10,000 వదులుకుంటే, మిగతా 8,000 బ్యాంకు ఇవ్వాలి. ఏడు దాటితే ఆ బ్యాంకు సొంత విధానం ప్రకారం తేలుతుంది.

పనిదినాల లెక్కలో సమాచారం వచ్చిన రోజు కలవదు. ఖాతా ఉన్న బ్రాంచి పనిచేసే రోజులే లెక్క. పెద్దాయనకు మెసేజ్ శుక్రవారం వచ్చింది. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. సోమవారం ఒకటో రోజు, బుధవారం మూడోది.

కానీ ఆయన కేసులో ఈ మూడు రోజుల లెక్క కన్నా కీలకమైన వాక్యం అదే ఉత్తర్వులో వేరేచోట ఉంది. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, అంటే పిన్‌లాంటి రహస్యాలు తానే ఇంకొకరికి ఇవ్వడం వల్ల నష్టం జరిగితే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా ఖాతాదారే భరించాలి. ఫిర్యాదు చేసిన తర్వాత పోయినదంతా బ్యాంకు భరించాలి. సరైన పిన్‌తో డ్రా అయిన ప్రతి కేసులోనూ బ్యాంకు మొదటి జవాబు ‘పిన్ మీరే ఇచ్చారు’ అనే ఉంటుంది. దానికి ఎదురు చెప్పే ఆధారం కూడా ఆ ఉత్తర్వే ఇస్తుంది: ఖాతాదారుదే తప్పని రుజువు చేసే బాధ్యత బ్యాంకుది. భుజం మీదుగా ఎవడో చూసిన పిన్నూ, నోటితో చెప్పిన పిన్నూ ఒకటి కావని వాదించవచ్చు. ఏటీఎంలోని కెమెరా దృశ్యాలు ఆ వాదనకు బలం, అయితే అవి కలకాలం ఉండవు. అందుకే భద్రపరచమని ఫిర్యాదులోనే, ఏటీఎం ఉన్న చోటూ సమయమూ రాసి కోరాలి. వాదన నిలుస్తుందన్న హామీ మాత్రం లేదు.

పెద్దాయన 6.20కి మెసేజ్‌లు గమనించి, 6.26కి కార్డు ఆపించాడనుకుందాం. అంతకుముందు పోయిన 20,000 మీద తగవు నడుస్తుంది. 6.26 తర్వాత ఏదైనా పోతే తగవే లేదు. రాత్రి పడుకునే ముందు చూసుకుందామని వదిలేసి ఉంటే ఇంకా పోయేది. రోజువారీ డ్రా పరిమితి అర్ధరాత్రి దాటగానే మళ్లీ మొదలవుతుంది. పరిమితి నిండేదాకా తీసుకుని, పన్నెండు దాటాక మళ్లీ ఏటీఎం గదిలోకి వెళ్లడం ఇలాంటి దొంగలకు తెలిసిన పనే. ఆ 6.26 అన్న సమయానికి రుజువు కావాలి. బ్లాక్ అయినట్టు వచ్చిన మెసేజ్, ఫోనులో మాట్లాడిన వ్యక్తి ఇచ్చిన ఫిర్యాదు నంబరు, ఆ కాల్ చేసిన సమయం, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని, మెసేజ్‌ను చెరిపేయకుండా ఉంచుకోవాలి.

కార్డు ఆగిన తర్వాతే లెక్కలు చూడటం. కార్డు చివరిసారిగా సొంతంగా వాడిన రోజు గుర్తుచేసుకుని, అక్కడి నుంచి ఇప్పటిదాకా ఒక్కో వరుసా చదవాలి. ఫోనుకొచ్చిన మెసేజ్‌ల మీదే ఆధారపడకూడదు, కొన్ని రాకపోవచ్చు. యాప్‌లోని స్టేట్‌మెంటో, పాస్‌బుక్ ముద్రణో కావాలి. ఏటీఎంలో తీసినవి చాలా బ్యాంకుల్లో `ATM WDL` అనీ, స్వైపింగ్ మిషన్‌లో గీకినవి `POS` అనీ కనిపిస్తాయి. దుకాణం పేరు చోట దాని కంపెనీ అసలు పేరు రావచ్చు. కిరాణా కొట్టు బోర్డు మీద ఒక పేరూ, స్టేట్‌మెంట్‌లో యజమాని పేరూ ఉంటే కంగారు పడనక్కర్లేదు, మొత్తం, తేదీ కలిస్తే చాలు. ఒకటీ రెండూ పది రూపాయల తెలియని చెల్లింపులను మాత్రం చిన్నవని వదలకూడదు. కార్డు పనిచేస్తోందో లేదో దొంగ పరీక్షించే తీరు అది. ఆపిన తర్వాత కూడా వారం పది రోజులు చూస్తూ ఉండాలి. ముందే జరిగిన చెల్లింపు ఖాతాలోకి ఆలస్యంగా ఎక్కే సందర్భాలుంటాయి.

తెలియని లావాదేవీ దొరికితే, కార్డు ఆపమన్న ఫోన్‌తోనే ఫిర్యాదు అయిపోయిందనుకోవడం పొరపాటు. అవి రెండు వేరు పనులు. పోయిన ప్రతి మొత్తాన్నీ, తేదీ, సమయంతో రాసి బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. దాంతోపాటు 1930కి ఫోన్ చేయాలి లేదా cybercrime.gov.in లో నమోదు చేయాలి. దొంగ ఆ డబ్బును వేరే ఖాతాలోకి మళ్లించి ఉంటే, అక్కడ ఇంకా మిగిలి ఉన్నంతవరకు ఆపించే అవకాశం ఈ దారిలో ఉంటుంది. ఏటీఎం నుంచి నోట్లుగా తీసుకుపోతే ఆ అవకాశం తక్కువ, అయినా పోలీసు ఫిర్యాదు బ్యాంకు వాదనకు జవాబుగా పనికొస్తుంది. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు ఖాతాలో తాత్కాలికంగా జమచేయాలని, 90 రోజుల్లో విషయం తేల్చాలని 2017 ఉత్తర్వు చెబుతుంది. జమయిందని సంబరపడి ఖర్చుపెట్టకూడదు, విచారణ ఖాతాదారుకు వ్యతిరేకంగా వస్తే అది వెనక్కి పోతుంది. 30 రోజులైనా బ్యాంకు పలకకపోయినా, పలికిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు పెట్టుకోవచ్చు.

కొత్త కార్డు దానంతటదే రాదు, అడగాలి. యాప్‌లో అడిగితే బ్యాంకు రికార్డులో ఉన్న చిరునామాకు పోస్టులో వస్తుంది. ఇల్లు మారి చిరునామా మార్పించనివారి కార్డు తిరుగు టపాలో వెళ్లిపోతుంది, కాబట్టి అడిగే ముందు అది సరిచూసుకోవాలి. తొందరగా కావాలంటే పాస్‌బుక్, ఆధార్‌తో బ్రాంచికి వెళ్తే, పేరు ముద్రించని కార్డు నిల్వ ఉంటే అప్పుడే ఇస్తారు. రుసుము బ్యాంకును బట్టి, కార్డు రకాన్ని బట్టి ఉంటుంది, దానిపై 18 శాతం జీఎస్టీ. 300 రుసుమైతే ఖాతా నుంచి పోయేది 354. కొత్త కార్డుకు మామూలుగా పోలీసు కాగితం అడగరు.

కార్డు వచ్చేదాకా ఖాతా మూతపడదు. బ్రాంచిలో విత్‌డ్రాయల్ ఫారం నింపి డబ్బు తీసుకోవచ్చు, ఊళ్లోని బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్, వేలిముద్రతో తీసుకోవచ్చు, యూపీఐ సౌకర్యమున్న ఏటీఎంలో కార్డు లేకుండా క్యూఆర్ కోడ్ గీసి తీసుకోవచ్చు. ఉన్న యూపీఐ పిన్ కార్డు మారినంత మాత్రాన మారదు.

కొత్త కార్డు నంబరు వేరు, గడువు తేదీ వేరు. పిన్ ఏటీఎంలో గానీ యాప్‌లో గానీ ఓటీపీతో పెట్టుకోవాలి, పాత పిన్నే మళ్లీ పెడితే దాన్ని చూసినవాడికి మేలు చేసినట్టే. పాత కార్డు మీద నెలనెలా కట్ అయ్యే ఓటీటీ చందా, బీమా ప్రీమియం లాంటివి ఆగిపోతాయి, వాటికి కొత్త నంబరు ఇచ్చుకోవాలి. బీమా విషయంలో గడువు దాటితే పాలసీ దెబ్బతింటుంది గనుక అది మొదట చూసుకోవాలి. ట్యాప్, ఆన్‌లైన్ సౌకర్యాలు కొత్త కార్డులో మళ్లీ ఆఫ్‌లో ఉంటాయి, వాడేవి మాత్రమే ఆన్ చేసుకోవాలి.

ఇంతా అయ్యాక పాత కార్డు పరుపు కిందనో, ఉతికిన ప్యాంటు జేబులోనో దొరకడం మామూలే. శాశ్వతంగా ఆపినది మిషన్‌లో పెట్టినా పనిచేయదు. కత్తెరతో చిప్పు మధ్య నుంచీ, వెనకున్న నల్ల గీత మీదుగానూ ముక్కలు చేసి పారేయాలి. కార్డు మార్పిడిలో చేతికొచ్చిన పరాయి కార్డును మాత్రం కత్తిరించకూడదు, అది వేరే బాధితుడిది. దాన్ని ఫిర్యాదుతో పాటు పోలీసులకు అప్పగించి, ఆ సంగతి కాగితం మీద రాయించుకోవాలి.